పదకొండుకి ఖాళీ, రెండింటికి కొత్తవాళ్లు: ఆ మూడు గంటల్లో ఇల్లు సిద్ధం చేయడం ఎలా

విశాఖలో రుషికొండ దగ్గర మాకో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. బీచ్‌కి వచ్చేవాళ్లకి రోజుల లెక్కన ఇస్తాం. పాతవాళ్లు పొద్దున 11 గంటలకి ఖాళీ చేయాలి, కొత్తవాళ్లు మధ్యాహ్నం 2 గంటలకి దిగుతారు. శనివారాలు, పండగ రోజులు అయితే ఆ మూడు గంటలకి మించి ఒక్క నిమిషం కూడా దొరకదు. నేను, సాయానికి వచ్చే అక్క, ఇద్దరమే చేసుకుంటాం. మొదట్లో మూడు గంటలు ఎటూ చాలేవి కావు. ఇప్పుడు పావుగంట మిగులుతోంది. మా చేతుల్లో వేగమేం పెరగలేదు, పనుల వరస మారింది, అంతే. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇల్లు అరకులో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా ఇసుక గొడవ తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

ముందురోజు రాత్రే చూసుకోవాల్సింది: మూడో జత

దుప్పట్లు ఉతికి, ఆరేసి, మళ్లీ అవే పరిచేద్దాం అనుకుంటే మూడు గంటల్లో అయ్యే పని కాదు. మా వాషింగ్ మెషీన్ 7 కిలోలది. వేడినీళ్ల సైకిల్ పెడితే ఒక్క విడతకే రెండు గంటలు పడుతుంది. రెండు మంచాల బెడ్‌షీట్లు, కప్పుకునే దుప్పట్లు, దిండు గలీబులు ఒక విడత. తువ్వాళ్లు, కాళ్ల పట్టాలు ఇంకో విడత. ఇక ఆరడానికి ఎంతసేపో దేవుడికే తెలియాలి.

అందుకే మంచానికి మూడు జతలు ఉండాలి. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి మడతపెట్టి బీరువాలో. వచ్చేవాళ్లకి పరిచేది ఎప్పుడూ బీరువాలోదే. ఈరోజు ఉతికింది ఈరోజుకి కాదు, ఎల్లుండికి. ఈ ఒక్క లెక్క కుదిరితే సగం కంగారు తగ్గిపోతుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక నవంబర్‌లో తుపాన్ల కాలం పోయేదాకా మాకు నాలుగో జత కూడా కావాలి, ఎందుకంటే ఆ రోజుల్లో సముద్రపు చెమ్మకి మందపాటి దుప్పటి రోజున్నరకి గానీ ఆరదు.

అన్నీ తెల్లవే కొనండి. రంగువి మరకలు దాస్తాయని చాలామంది చెబుతారు. నా అనుభవంలో అదే వాటితో చిక్కు. మరక దాగితే మీకు కనబడదు, పడుకున్నవాళ్లకి కనబడుతుంది. పైగా తెల్లవాటిలో ఒక జత చిరిగితే అలాంటిదే ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుంది.

11:00 – చీపురు ముట్టుకోకండి, ముందు ఫోన్ తీయండి

తలుపు తీయగానే కిటికీలన్నీ తెరవండి. తర్వాత పదిహేను నిమిషాలు ఏదీ కదపకుండా ఇల్లంతా తిరిగి ఫోన్‌లో వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, గోడ వెంబడే ఒకే వైపుగా తిరుగుతూ బాల్కనీ దాకా వెళ్లి, మళ్లీ గుమ్మం దగ్గరికి రావాలి. ఏ గదీ వదలకూడదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. హాల్లో గాజు టీపాయ్ ఉండేది. ఒకసారి మేం వచ్చీరాగానే పనిలో దిగిపోయాం. అక్క టీపాయ్ తుడుస్తుంటే అంచు దగ్గర గోటంత పెచ్చు లేచిపోయి చేతికి గీరుకుంది. వెళ్లినవాళ్లకి ఫోన్ చేస్తే "మేం ఉన్నప్పుడు బాగానే ఉందండీ, మీవాళ్లు సర్దేటప్పుడు తగిలిందేమో చూడండి" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనలేను. అప్పటికే మేం గదంతా కదిపేశాం కదా! ఆ మాట కాదనడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

ఎయిర్‌బీఎన్‌బీ వేదిక ద్వారా వచ్చినవాళ్లైతే నష్టానికి డబ్బు అడగడానికి అతిథి ఖాళీ చేసిన రోజు నుంచి 14 రోజుల గడువు ఉంటుంది. గడువుంది కదా అని ఫొటోలు వాయిదా వేయకండి. మధ్యలో ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి వెళితే ఎవరు విరగ్గొట్టారో తేల్చడం కష్టం. పగిలిన వస్తువుని దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. పరిమాణం తెలిసేలా పక్కన ఒక నాణెం పెట్టండి. అదే చోటు వాళ్లు దిగకముందు ఎలా ఉందో చూపే ఫొటో కూడా మీ దగ్గర ఉండాలి. అది ఎప్పుడు తీయాలో చివర్లో చెబుతాను.

వీడియో తీస్తున్నప్పుడే ఇవి కూడా చూసేయండి.

పరుపు మీది రక్షణ కవరు ఒక మూల ఎత్తి చూడండి. పైన షీటు శుభ్రంగానే ఉంటుంది, తడి కింద ఉంటుంది. పిల్లలున్న కుటుంబం దిగి వెళితే ఇది తప్పనిసరి. అదే చేత్తో పరుపు కుట్టు వెంబడి, మంచం తలవైపు చెక్క వెనక టార్చి వేయండి. మిరియం గింజ కన్నా చిన్న నల్లచుక్కలు వరసగా కనబడినా, గోధుమరంగు పొట్టు లాంటిది రాలి ఉన్నా అవి నల్లుల ఆనవాళ్లు. అవి కనబడితే ఆ గది ఆరోజు ఇవ్వకండి, మందు కొట్టేవాళ్లని పిలవండి. షీట్లు అక్కడే దులపకుండా సంచిలో మూతికట్టి నేరుగా వేడినీళ్ల ఉతుకులో వేయండి.

ఎలక్ట్రిక్ కెటిల్ మూత తీసి లోపలికి చూడండి. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నీళ్లు కాచుకోమని పెట్టిన కెటిల్‌లో జనం పాలు కాస్తారు, గుడ్లు ఉడకబెడతారు, నూడుల్స్ చేస్తారు. పాలు అడుగంటితే ఆ వాసన అంత తొందరగా వదలదు. రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి నీళ్లు మరిగించి అరగంట వదిలేస్తే మామూలు తెల్లపొర పోతుంది. మాడిన పాలు మాత్రం ఒక్కసారికి పోవు, అందుకే అలమరాలో ఇంకో కెటిల్ పెట్టుకున్నాను.

గీజరు, ఏసీ, టీవీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒకసారి వేసి చూడండి. గీజరు ఆన్‌లో వదిలేస్తే మీరు బాత్రూమ్ కడిగే వేళకి నీళ్లు వేడెక్కాయో లేదో అదే తెలుస్తుంది. టీవీలో పాతవాళ్లు వాళ్ల ఖాతాలతో లాగిన్ అయి మరిచిపోయి ఉంటారు, అవి తీసేయండి. తాళంచెవులు, రిమోట్లు లెక్కపెట్టండి. ఫ్లష్ ట్యాంకు కారుతోందని అనుమానం వస్తే ట్యాంకులో కాస్త రంగు వేసి పది నిమిషాలు ఎవరూ నొక్కకుండా వదిలేయండి. కింద గిన్నెలోకి రంగు దిగిందంటే లోపలి వాషర్ పోయినట్టే.

మరిచిపోయిన వస్తువులకి కూడా ఇదే సమయం. దిండు కింద, మంచానికీ గోడకీ మధ్య సందు, బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం, ప్లగ్ పాయింట్లు, ఫ్రిజ్ తలుపు అర. ఎక్కువగా దొరికేవి ఛార్జర్లు, ఇన్సులిన్ లాంటి మందులు, చెవి దిద్దులు. దొరికింది దొరికినట్టు ఫొటో తీసి వెంటనే వాళ్లకి పంపండి. చాలాసార్లు వాళ్లింకా ఊరు దాటి ఉండరు.

11:15 – మరకలు ఏరి, మెషీన్ తిప్పండి

ఇద్దరుంటే ఒకరు గుడ్డలు, ఇంకొకరు వంటిల్లు. ఒక్కరే అయితే గుడ్డలు ముందు. మిగతా పని చేస్తున్నంతసేపూ మెషీన్ తన పని తాను చేసుకుంటుంది.

బీచ్ ఇళ్లలో అయితే షీట్లు, తువ్వాళ్లు మెషీన్‌లో వేసేముందు బాల్కనీలోకి తీసుకెళ్లి గట్టిగా దులపండి. ఒక్క తువ్వాలు నుంచే గుప్పెడు ఇసుక రాలుతుంది. అది మెషీన్‌లోకి పోతే ఫిల్టర్‌లో పేరుకుని నీళ్లు బయటికి పోక మధ్యలో ఆగిపోతుంది. ఆరోజే ఆగుతుంది, మీకు తొందరున్న రోజే. నెలకోసారి ఆ ఫిల్టర్ విప్పి కడగండి.

తర్వాత ఒక్కోటీ వెలుతురుకి పెట్టి చూస్తూ మరకలున్నవి పక్కన పడేయండి. మరక మీద వేడినీళ్లు పడ్డాయంటే చాలావరకు అది అక్కడే స్థిరపడిపోతుంది. రక్తపు మరకకి చన్నీళ్లే వాడాలి. పాతబడితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు వేస్తే నురగ వచ్చి వదులుతుంది. తలనూనె మరకలు దిండు గలీబుల మీద తప్పకుండా ఉంటాయి. గుడ్డ తడపకముందే గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పది నిమిషాలు వదిలేయాలి. ముందే తడిపితే నీళ్లు అడ్డుపడి సబ్బు నూనెలోకి దిగదు.

ఇక పసుపు. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర పెళ్లిళ్ల సీజన్‌లో ఇదే పెద్ద తలనొప్పి.

ఒకసారి పెళ్లివాళ్లు ఎనిమిది మంది దిగారు. మంగళస్నానాలు మా బాల్కనీలోనే కానిచ్చారు. వాళ్లు వెళ్లాక చూస్తే రెండు తువ్వాళ్లు, ఒక బెడ్‌షీటు పచ్చగా ఉన్నాయి. పచ్చగానే ఉన్నాయి కదా, సబ్బు పెడితే పోతుందని అక్క బకెట్లో సర్ఫు కలిపి ముంచింది. రెండు నిమిషాల్లో కేక పెట్టింది. "అమ్మా, ఇదేటమ్మా! పసుపు కాస్తా ఎర్రగా అయిపోనాది. రగతం నాగుంది సూడండి!"

ఇద్దరం బకెట్ చుట్టూ నిలబడి చూస్తున్నాం. నాకు అప్పుడు వెలిగింది, పారాణి ఇలాగే కదా చేస్తాం, పసుపులో సున్నం కలిపి! సున్నం లాగే బట్టల సబ్బుకీ క్షారగుణం ఉంటుంది. పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. ఆ ఎరుపు కొత్త మరక కాదు, భయపడక్కర్లేదు. బకెట్ నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి ముంచగానే రంగు వెనక్కి వచ్చింది.

పచ్చగా మారింది గానీ మరక పోలేదు. పసుపుకి అసలు మందు ఎండ. కుర్కుమిన్ వెలుతురులో విరిగిపోతుంది. కాబట్టి ముందు సబ్బు లేకుండా ధార కింద పెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా పొడిపసుపంతా వదిలించండి. తర్వాత మామూలుగా ఉతికి, ఎర్రబడితే నిమ్మనీళ్లలో ముంచి, తడితడిగానే మరక పైకి వచ్చేలా నేరు ఎండలో ఆరేయండి. ఆరాక మళ్లీ నీళ్లు చల్లి వదిలేయండి. మా తువ్వాళ్లు రెండు మధ్యాహ్నాల ఎండకి తెల్లబడ్డాయి. బెడ్‌షీటు మధ్యలో మాత్రం లేత నీడ మిగిలింది. దాన్ని అతిథులకి వేయడం మానేసి పరుపు కవరు కింద అదనపు పొరగా వాడుతున్నాం. ఇప్పుడు పెళ్లివాళ్లు దిగుతున్నారని తెలిస్తే ముందే నాలుగు పాత ముదురురంగు తువ్వాళ్లు బయట పెట్టి, "పసుపుకి, గోరింటాకుకి ఇవి వాడండి" అని చెబుతాను. గోరింటాకు మరక నేనింతవరకు పూర్తిగా వదిలించలేకపోయాను.

మరకలు లేనివి 60 డిగ్రీల వేడిలో వేయండి. తువ్వాళ్లకి సువాసన కోసం కండిషనర్ పోయకండి. అది నూలు మీద పొరలా పట్టి తడి పీల్చనివ్వదు.

ఆరేసేటప్పుడు ఇంకో సంగతి. మా డాబా మీద మొదట ఇనుప తీగ ఉండేది. ఉప్పుగాలికి ఆరు నెలల్లో తుప్పు పట్టి, ప్రతి షీటు మధ్యలో గోధుమరంగు గీత. తుప్పు మరక పోవాలని బ్లీచ్ వేస్తే ఇంకా ముదిరింది. బ్లీచ్ తుప్పుని వదిలించదు, స్థిరపరుస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే కొంత వదిలింది. ఇప్పుడు నైలాన్ తాడు, ప్లాస్టిక్ క్లిప్పులు. ఆరిందో లేదో షీటు మధ్యలో ముట్టుకుని చూస్తే తెలియదు. గలీబు మూల, షీటు అంచు మడత నొక్కి చూడండి. అక్కడ చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఆ తడితో మడతపెడితే రెండో రోజుకి బీరువా అంతా ముక్కవాసన.

11:40 – బాత్రూమ్‌లు: పొడిగా ఉన్నప్పుడే వెంట్రుకలు

బాత్రూమ్‌లోకి వెళ్లగానే నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. తడిస్తే వెంట్రుకలు టైల్స్‌కి అతుక్కుని గంట తుడిచినా రావు. ముందు పొడి చీపురుతో ఊడ్చి, నీళ్లు పోయే జాలీ ఎత్తి అందులోని వెంట్రుకలు, ఇసుక తీసేయండి.

తర్వాత కమోడ్‌లో టాయిలెట్ క్లీనర్ పోసి, గోడలకి లిక్విడ్ చల్లి పావుగంట వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోండి. మందు పనిచేయడానికి సమయం కావాలి, మీ భుజబలం కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది. దానికి బ్లీచ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులకి ప్రమాదం. రెండు సీసాలూ ఒకే బకెట్లో పెట్టుకుని తిరగకండి. సాయానికి వచ్చేవాళ్లకి ఇది నోటితో చెప్పి, సీసాలు చూపించి మరీ చెప్పండి.

బోరు నీళ్ల తెల్లమరకలు కుళాయిల మీద ఉంటే నిమ్మచెక్కతో రుద్ది వెంటనే కడిగేయండి. పాలరాయి గట్టు ఉన్నచోట మాత్రం నిమ్మ తగలనివ్వద్దు, మెరుపు పోతుంది. చివర్న వైపర్‌తో నీళ్లు లాగి, పొడిగుడ్డతో కుళాయి, అద్దం, కమోడ్ సీటు తుడిచేయండి. ఎంత శుభ్రంగా కడిగినా తడిగా ఉన్న బాత్రూమ్ ఎవరో ఇప్పుడే వాడినట్టే కనబడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తలుపు తెరిచి ఉంచండి.

12:20 – వంటిల్లు, చేపల వాసన

విశాఖ వచ్చినవాళ్లు హార్బర్‌కి వెళ్లి చేపలు, రొయ్యలు తెచ్చుకుని వండుకోవడం మామూలే, అందుకేగా వంటిల్లు పెట్టింది. కాబట్టి వంటింట్లో మొదటి పని చెత్తబుట్ట ఖాళీ చేయడం. రొయ్యపొట్టు మూడు గంటలు ఎండకి ఉడికితే ఇక ఆ వాసన చెప్పనక్కర్లేదు. సంచి తీసేశాక బుట్ట అడుగు కూడా కడగాలి, కారింది అక్కడే ఉంటుంది. చెత్త సంచిని గుమ్మం బయట పెట్టేయండి.

తర్వాత సింకు, పొయ్యి, పొయ్యి వెనక గోడ. వెడల్పు గిన్నెలో నీళ్లు, అరకప్పు వెనిగర్ పోసి పది నిమిషాలు మరిగిస్తే వంటింటి వాసన చాలావరకు తగ్గుతుంది. హాల్లో కర్టెన్లు వాసన పట్టాయంటే మాత్రం ఉతకడం తప్ప దారి లేదు. అగరుబత్తి వెలిగిస్తే చేపల వాసన, అగరు వాసన రెండూ వస్తాయి.

ఫ్రిజ్‌లో పాతవాళ్లు వదిలిన మూత తీసిన వస్తువులన్నీ పారేయండి. సగం నూనె ప్యాకెట్ చూస్తే చేతులు రావు, తెలుసు. కానీ అందులో ఎవరి చెంచా పడిందో మీకు తెలియదు. మూత తీయనివి అక్కకి ఇచ్చేస్తాను.

గిన్నెలు లెక్కపెట్టడానికి చిన్న ఉపాయం. అన్నీ సరిగ్గా సర్ది ఉన్నప్పుడు అలమరా ఫొటో తీసి, ప్రింటు తీయించి తలుపు లోపలివైపు అతికించాను. ఆరు పళ్లేలు, ఆరు గ్లాసులు, రెండు కళాయిలు. ఇప్పుడు ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు, ఫొటోలో ఉన్నది ఎదురుగా లేకపోతే కంటికి తగులుతుంది. అతిథులు కూడా దాన్ని చూసే సర్దుతున్నారు, ఇది నేను ఊహించనిది.

12:50 – మంచాలు, దుమ్ము, నేల

మంచం పరిచేముందు చేతులు కడుక్కోండి, వంటింటి జిడ్డు తెల్ల షీటు మీద వేలిముద్రలా పడుతుంది. పరిచాక కిటికీ వైపు నుంచి ఒకసారి వంగి చూడండి. తెల్లషీటు మీద ఒక్క నల్ల వెంట్రుక ఉన్నా వచ్చినవాళ్లు దుప్పటి మార్చలేదనే అనుకుంటారు. వెడల్పు టేపు చేతికి చుట్టుకుని అద్దితే వచ్చేస్తుంది.

దుమ్ము పైనుంచి కిందికి. ఫ్యాన్ రెక్కలు మంచం పరిచాక తుడిస్తే పని రెండింతలు, కాబట్టి పాత షీటు మంచం మీద ఉండగానే తుడిచేసి, ఆ దుమ్ముతో సహా షీటు తీసేయడం మేలు. అంటే ఈ ఒక్క పని 11:15కే అయిపోవాలి. ఈ సంగతి అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది.

నేలకి ముందు పొడిగా ఊడ్చడం, అదీ రెండుసార్లు. ఇసుక ఉండగా తడిగుడ్డ పెడితే ఇసుక కాగితంతో రుద్దినట్టు టైల్స్ మీద గీతలు పడతాయి, ఇసుక ఒక మూల నుంచి ఇంకో మూలకి పోతుంది తప్ప బయటికి పోదు. తడి పెట్టడం లోపలి గది నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ. కానీ దానికి ముందు ఇంకో పని ఉంది, సరుకులు.

1:20 – సరుకులు నింపడం

ఇంట్లో తాళం వేసిన చిన్న అలమరా ఒకటి మీకోసం ఉంచుకోండి. నింపాల్సినవన్నీ అందులో. తలుపు లోపల ఒక కాగితం. మా కాగితం మీద, నలుగురు రెండు రాత్రులు ఉంటారన్న లెక్కతో, ఇలా ఉంటుంది:

- బాత్రూమ్‌కి ఒక కొత్త సబ్బు, నాలుగు షాంపూ సాషేలు, సగానికి పైగా ఉన్న టిష్యూ రోల్ ఒకటి, విప్పనిది ఒకటి
- మనిషికి పెద్ద తువ్వాలు ఒకటి, చిన్నది ఒకటి
- టీ బ్యాగులు 16, కాఫీ సాషేలు 8, చక్కెర సాషేలు 24
- ఉప్పు, నూనె చిన్న ప్యాకెట్లు ఒక్కోటి
- 20 లీటర్ల నీళ్ల టిన్ను సీలుతో
- చెత్తసంచులు 4, గిన్నెలు తోమే లిక్విడ్, కొత్త స్క్రబ్బర్
- దోమల మందు రీఫిల్, రిమోట్లకి పెన్సిల్ సెల్స్ ఒక జత

ఉప్పు, చక్కెర మొదట్లో సీసాల్లో పోసి పెట్టేవాళ్లం. సముద్రపు చెమ్మకి ఉప్పు నీరుగారడం, చక్కెరకి చీమలు. పాతదాని మీదే కొత్తది పోస్తూ పోతే అడుగున ఉన్నది ఎన్నాళ్లదో తెలియదు. అందుకే సాషేలకి మారాం, ఖర్చు కాస్త ఎక్కువే. వాడిన సబ్బుముక్క ఎంత పెద్దదైనా తీసేయండి. స్క్రబ్బర్ కూడా ప్రతిసారీ కొత్తదే, చేపల వాసన సగం అందులోనే ఉంటుంది.

అలమరాలో ఏ వస్తువైనా చివరి రెండు దగ్గరికి వచ్చిందంటే కొనాల్సినవాటిలో రాసుకోవాలి. అయిపోయాక రాసుకుంటే ఆరోజే కావాల్సి వస్తుంది. రెండింటికి పది నిమిషాల ముందు టిష్యూ కోసం స్కూటీ మీద పరిగెత్తిన మనిషిగా చెబుతున్నాను.

1:35 – నేల తుడిచి, మళ్లీ ఫోన్ తీయండి

నేల తడిపెట్టి ఫ్యాన్లన్నీ ఫుల్లులో వేస్తే పది నిమిషాల్లో ఆరిపోతుంది. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వచ్చి, పొద్దున తీసిన దారిలోనే ఇంకో వీడియో తీయండి. ఇందాక చివర్లో చెబుతానన్నది ఇదే. కొత్తవాళ్లు దిగకముందు ఇల్లు ఎలా ఉందో దీంట్లోనే ఉంటుంది. రెండు వీడియోలకీ ఆ తేదీ పేరు పెట్టి దాచుకోండి. నేను రెండు నెలలయ్యాక తీసేస్తాను, గొడవ నడుస్తున్నవి తప్ప.

పగిలినది ఏదైనా ఉంటే ఈ పావుగంటలోనే తేల్చండి. గ్లాసు, కప్పు లాంటివి నేను అడగను, వాటిని అద్దెలోనే వేసుకున్నాను. అంతకు మించినది అయితే ఫొటో, కొన్న బిల్లు, బాగుచేయడానికి ఎంతవుతుందో పనివాళ్లు రాసిచ్చిన కాగితం, ఈ మూడూ కలిపి, మర్యాదగా నాలుగు ముక్కలు రాసి పంపుతాను. "సోఫా చేతి మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడిందండీ, ఫొటో చూడండి, మీకేమైనా తెలుసా?" అని మొదట అడగడం మంచిది. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అప్పుడు వేదిక ద్వారా వెళ్లొచ్చు.

విరిగినది అలాగే వదిలి కొత్తవాళ్లని దించకండి. గీజరు పనిచేయకపోతే వాళ్లు తలుపు తీసేలోపే ఫోన్ చేసి, ఎలక్ట్రీషియన్ ఎన్నింటికి వస్తాడో చెప్పండి. వాళ్లే కనిపెట్టి మీకు ఫోన్ చేస్తే అదే గీజరు పెద్ద గొడవ అవుతుంది.

ఏసీ 24 మీద పెట్టి, రిమోట్లు టీవీ ముందు, తాళంచెవి తాళపెట్టెలో. మొదటి విడత షీట్లు ఈపాటికి తిరగడం ఆగి ఉంటాయి. వాటిని బకెట్లోకి తీసి, ఇంకా ఉతకని తువ్వాళ్ల విడతని మా ఇంట్లో వేసుకోవడానికి సంచిలో కట్టేస్తాం. అతిథులు దిగాక మెషీన్ చప్పుడు ఉండకూడదు. అక్క బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కుతుంది. నేను చెత్తసంచి తీసుకుని కిందికి దిగుతాను.